ధరలోనా, ధరమీదా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన నెల మా చిన్న గ్రంథాలయం గేటు ముందు ఒక సరుకు ఆటో అరగంటసేపు ఆగిపోయింది. లోపల పది ఇనుప పుస్తకాల అరలు ఉన్నాయి. మా కోశాధికారి గారు, పెద్దావిడ, మిగతా డబ్బు లెక్కపెట్టి కవరులో పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. డ్రైవరు చేతిలో బిల్లు చూశాక ఆవిడ ముఖం మారిపోయింది. కవరులో ఉన్నదానికీ బిల్లులో ఉన్నదానికీ చాలా తేడా ఉంది. "అమ్మా, నేను తెచ్చేవాణ్ని మాత్రమే, బిల్లు నాది కాదు" అని అతను పాపం నొచ్చుకుంటూనే అన్నాడు. షాపుకు ఫోన్ చేస్తే వచ్చిన జవాబు: "టాక్స్ ఉంటుందని ముందే చెప్పాం కదండీ!"

నిజమే, చెప్పారు. కమిటీలో ఆ మాట విన్న నలుగురికీ బాగా గుర్తుంది. అయితే "టాక్స్ ఉంటుంది" అన్నదాన్ని మావాళ్లు చెప్పిన ధరలో ఉంటుందని అర్థం చేసుకున్నారు, షాపువారు ధరమీద ఉంటుందనే ఉద్దేశంతో అన్నారు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. "ఉంటుంది" అనే ఒక్క మాట రెండు అర్థాలకూ సరిపోయింది. ఏళ్ల తరబడి ఒక సంస్థలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి ఇలాంటి గొడవలు చాలా చూశాను. ఆ రోజు ఆ పెద్దావిడ పడ్డ టెన్షన్ చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

లెక్క సులువుగా ఉండటానికి అసలు అంకెలు పక్కన పెట్టి, ఒక్కో అర 100 అనుకుందాం, పన్ను నూటికి 20 అనుకుందాం. కమిటీ దగ్గరికి రెండు కొటేషన్లు వచ్చాయి. మొదటి షాపు అరకు 100 అంది, రెండో షాపు 125 అంది. పది అరలకు మొదటిది 1000, రెండోది 1250. ఎవరికైనా మొదటిదే చవకగా కనిపిస్తుంది. మావాళ్లూ అదే ఖాయం చేసి 300 అడ్వాన్స్ ఇచ్చారు. మిగిలిన 700 కవరులో పెట్టుకున్నారు.

బిల్లు ఇలా వచ్చింది. అరలు 1000, రవాణా 60, రెండూ కలిపి 1060. దానిమీద పన్ను 212. మొత్తం 1272. అడ్వాన్స్ తీసేస్తే ఇంకా కట్టాల్సింది 972, కవరులో ఉన్నది 700. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. పన్ను అరలమీద మాత్రమే పడలేదు, రవాణామీద కూడా పడింది. అమ్మినవారే సరుకు చేర్చి, ఆ ఖర్చును అదే బిల్లులో వేసినప్పుడు దానిమీద కూడా పన్ను వేసే పద్ధతి చాలా చోట్ల ఉంది. అందుకే "రవాణా 60" అని విని 60 పక్కన పెట్టుకున్నవారికి చివరికి 72 అవుతుంది.

మరి 125 అన్న రెండో షాపు సంగతి? వారి కొటేషన్ కాగితం తీసి చూస్తే కింద చిన్న అక్షరాల్లో "పన్నులు, రవాణా సహా" అని ఉంది. అంటే 1250 ఇస్తే అక్కడితో సరి. 250 ఎక్కువని పక్కన పెట్టిన షాపు నిజానికి 22 తక్కువకు ఇస్తోంది! మనకు తక్కువ ధర చెప్పేవారు నచ్చుతారు. కానీ పన్ను లేని ధరను, పన్ను ఉన్న ధరను పక్కపక్కన పెట్టి పోలిస్తే, ఉన్నదంతా కలిపి చెప్పినవారే ఎక్కువ అడిగినట్టు కనిపిస్తారు. దాపరికం లేకుండా చెప్పినవారికి బేరం పోయింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అమ్మేవారంతా కావాలనే ఇలా చేస్తారని నేను అనను. వారి దగ్గర కొనేవారిలో ఎక్కువమంది వ్యాపారులైతే పన్ను లేకుండా ధర చెప్పడం అలవాటైపోతుంది. ఎందుకంటే చాలా పన్ను విధానాల్లో వ్యాపారి తాను కొనేటప్పుడు కట్టిన పన్నును, అమ్మకాలమీద తాను కట్టాల్సిన పన్నులోంచి మినహాయించుకోవచ్చు. అతనికి అసలు ధరే ముఖ్యం. ఇంటికి కొనుక్కునేవారికి, మాలాంటి చిన్న సంఘాలకు ఆ వీలు లేదు. పన్ను మా జేబులోంచి పోయేదే. ఇక రవాణా సంగతికొస్తే, చిరునామా తెలియకుండా ఖర్చు చెప్పలేమన్నది వారి న్యాయమైన ఇబ్బంది. అలాంటప్పుడు "రవాణా వేరు, చిరునామా చూసి చెప్తాం" అంటే చాలు. ఏమీ అనకుండా ఊరుకోవడం మాత్రం సరికాదు.

పోయింది మాటల్లో కాబట్టి జాగ్రత్త కూడా మాటల్లోనే పడాలి. మనం అడిగే తీరులోనే ఒక లోపం ఉంది. "డెలివరీ ఉందా?" అని అడుగుతాం. "ఉందండీ" అంటారు. మనం ఉచితమనుకుంటాం. మా దగ్గర బండి ఉంది, పంపిస్తాం అని మాత్రమే వారి ఉద్దేశం. "పన్ను కలిపేనా?" అంటే ఫోన్లో "ఆఁ" అని వినిపిస్తుంది. అది అవుననడమో, "ఏమిటీ" అని అడగడమో కూడా తెలియదు. "అన్నీ కలిపే" అన్న హామీ ఇంకా ప్రమాదం, ఆ అన్నిటిలో ఏమేం ఉన్నాయో ఎవరూ చెప్పరు. మా అరల విషయంలో చూడండి, బండి గేటు దాకా వచ్చింది. కిందికి దింపి మేడమీదికి ఎక్కించినందుకు హమాలీ మళ్లీ వేరే ఇచ్చాం. బిల్లు కట్టడానికే అప్పు తెచ్చుకున్న రోజున అది ఇంకొంచెం భారమైంది.

దేశాల మధ్య వ్యాపారం చేసేవారికి ఈ చిక్కు ఎప్పుడో ఎదురైంది. అంతర్జాతీయ వాణిజ్య మండలి 1936లోనే ఇంకోటర్మ్స్ అనే నిబంధనలు తెచ్చింది. సరుకు ఏ చోటిదాకా అమ్మేవారి బాధ్యత, ఎక్కడి నుంచి కొనేవారి ఖర్చు అన్నది వాటిలో మూడేసి అక్షరాల గుర్తులతో తేలిపోతుంది. 2020 నుంచి అమల్లో ఉన్న రూపంలో మొత్తం పదకొండు గుర్తులున్నాయి. వాటిలో ఒకే ఒక్కదాని కింద, డీపీయూ కింద, బండిలోంచి సరుకు దింపే బాధ్యత కూడా అమ్మేవారిది. చేర్చడం వేరు, దింపడం వేరు అని అంత పెద్ద వ్యాపారులే విడదీసి రాసుకుంటుంటే, మనం గేటు దగ్గర నిలబడి వాదించుకోవాల్సి వస్తోంది.

కొటేషన్ రాగానే నేను అడిగేది ఒకటే ప్రశ్న: "సరుకు ఫలానా చోట దిగేసరికి నా చేతి నుంచి మొత్తం ఎంత పోతుంది?" దీనికి అవును, కాదు అని జవాబు చెప్పడం కుదరదు, అంకె చెప్పాల్సిందే. అంకె చెప్పాక దాన్ని ఫోన్లోనే వదిలేయను. సరే అనకముందే మెసేజ్ పెడతాను. మా కమిటీ అప్పుడు ఇలా రాసి ఉంటే సరిపోయేది:

"పది ఇనుప అరలు. అరకు 100 అన్నారు. ఈ ధరలోనే పన్ను ఉందా, ధరమీద వేస్తారా? రవాణా ఎంత, దానిమీద పన్ను ఉంటుందా? మేడమీదికి చేర్చే ఖర్చు ఎవరిది? అన్నీ కలిపి మేం కట్టాల్సిన మొత్తం ఒక అంకెగా రాయండి. మీ జవాబు చూశాక అడ్వాన్స్ పంపుతాం."

చివరి వాక్యం చాలా అవసరం. అడ్వాన్స్ ఇచ్చేశాక ఇదే ప్రశ్న అడిగితే జవాబు వస్తుంది కానీ వెనక్కి తగ్గే దారి మనకు ఉండదు. మెసేజ్‌కు జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకునేవారు కూడా ఉన్నారు. అది పొరపాటు, రాతలో జవాబు వచ్చేదాకా ఆగాలి. "ఇంత చిన్నదానికి ఇన్ని ప్రశ్నలా?" అని మొహమాటపెట్టేవారు ఉంటారు. నా అనుభవంలో లెక్క సరిగ్గా ఉన్న అమ్మకందారు రెండు నిమిషాల్లో జవాబు పంపుతారు.

జవాబు వచ్చాక పన్ను సరిగ్గా విడదీశారో లేదో చూసుకోవడం కూడా తేలికే. పన్నుతో కలిపిన ధర 1200, పన్ను నూటికి 20 అయితే అందులో పన్ను 240 కాదు, 200. మొత్తాన్ని 120తో భాగించి 20తో గుణించాలి. కలిసిన ధరమీదే నూటికి 20 కట్టేస్తే అసలు ధర 960కి దిగిపోతుంది. బిల్లులో ఈ తప్పు కనబడితే వెంటనే సరిచేయించుకోవాలి.

ఇంత జాగ్రత్త కొనేవారి మీదే వేయడం న్యాయమని నేను అనుకోను. ఐరోపా సమాఖ్య 1998లో ఇచ్చిన ఆదేశంలో, వినియోగదారుకు చూపించే అమ్మకం ధర అంటే పన్నులన్నీ కలిసిన తుది ధర అని స్పష్టంగా రాశారు. అమెరికాలో మాత్రం ధర చీటీమీద సాధారణంగా అమ్మకం పన్ను ఉండదు, డబ్బు కట్టేచోట కలుపుతారు. అక్కడ కొనేవారందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి పెద్దగా గందరగోళం ఉండదు. ఏదో ఒక పద్ధతి అందరికీ తెలిసి ఉంటే ఫరవాలేదు. ఒకరు కలిపి, మరొకరు కలపకుండా చెబుతూ, ఏది ఏదో చెప్పకపోవడంతోనే వస్తోంది చిక్కంతా.

అందుకే మీకో విన్నపం. మీ పత్రికలో వచ్చే ప్రకటనల్లో ధర పెద్ద అక్షరాల్లో ఉంటుంది. "పన్నులు అదనం" అన్న మాట, ఉంటే గింటే, పేజీ అడుగున భూతద్దం పెట్టి చూడాల్సినట్టు ఉంటుంది. ధర ఉన్న చోటే, ధరకు ఆనుకుని, చదవగలిగే అక్షరాల్లో "పన్ను సహా" అనో "పన్ను అదనం" అనో, రవాణా గురించి కూడా ఒక మాట ఉంటేనే ప్రకటన తీసుకుంటామని మీరు నియమం పెట్టగలరు. ప్రకటన ఇచ్చేవారికి దీనివల్ల కలిగే శ్రమ నాలుగు మాటలు రాయడమే. ఈ విషయం మీ ప్రకటనల విభాగంతో మాట్లాడి, ఏమన్నారో ఇదే శీర్షికలో తెలియజేయమని కోరుతున్నాను. మా కోశాధికారి గారు ఈ పేజీ రోజూ చదువుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు