సెలవు ఉత్తర్వులో జబ్బు పేరెందుకు?

సంపాదకుడికి,

ప్రభుత్వ ఆఫీసుల్లో అనారోగ్య సెలవు మంజూరు ఉత్తర్వులు ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. తిరిగితే తిరిగాయి గానీ, వాటిలో జబ్బు పేరు కూడా ఉంటోంది. ఈ మధ్య నాకు తెలిసిన ఒక జూనియర్ అసిస్టెంటు డిప్రెషన్‌కు వైద్యం తీసుకుని 20 రోజులు సెలవు పెట్టాడు. ప్రొసీడింగ్స్ మొదటి పేరాలోనే జబ్బు పేరు ఎక్కింది. కాపీలు ట్రెజరీకి, పై ఆఫీసుకు వెళ్లాయి, ఫొటో ఆఫీసు గ్రూపుకెక్కింది. అతను తిరిగి డ్యూటీలో చేరేసరికి అటెండరు దగ్గర్నుంచి అందరూ పరామర్శించేవాళ్లే!

సూపరింటెండెంటుగా ఇలాంటి ఫైళ్లు ఏళ్ల తరబడి చూసి రిటైరైనవాణ్ని కాబట్టి చెబుతున్నాను, ఇది నిబంధనలు కోరిన పని కాదు. మెడికల్ సర్టిఫికెట్ నమూనాలో జబ్బు ఏమిటో డాక్టరు రాయాల్సిన ఖాళీ ఉంది, నిజమే. ఎన్ని రోజుల విశ్రాంతి కావాలో చూసి మంజూరు చేసే అధికారి ఒక నిర్ణయానికి రావడానికి అది ఉపయోగపడుతుంది. నిర్ణయం అయిపోయాక ఆ వివరం సర్టిఫికెట్‌తో పాటు ఫైల్లో ఉండిపోవాలి. జీతం బిల్లు పాస్ చేసే ట్రెజరీకి కావాల్సింది ఎవరికి, ఏ రకం సెలవు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నదే. పై కేసులో ఉత్తర్వు ఇంతే ఉంటే సరిపోయేది: ‘వైద్య ధ్రువపత్రం ఆధారంగా ఫలానా తేదీల మధ్య 20 రోజుల కమ్యూటెడ్ లీవు మంజూరు చేయడమైనది. లీవు అకౌంటులో 40 రోజుల హాఫ్ పే లీవు తగ్గించడమైనది.’ కమ్యూటెడ్ లీవుకు పూర్తి జీతం వస్తుంది గనుక అకౌంటులో రెట్టింపు కోస్తారు. ఏడాదికి జమయ్యేది 20 రోజులే కాబట్టి అతనికి రెండేళ్ల జమ పోయినట్టు. సర్వీసు రిజిస్టరులో రాసుకోవాల్సిన లెక్క అది, జబ్బు కాదు.

జబ్బు పేరు తప్పనిసరయ్యే సందర్భాలు లేకపోలేదు. గర్భసంచి తొలగింపు ఆపరేషన్‌కు మహిళా ఉద్యోగులకు ఇచ్చే ప్రత్యేక సెలవు ఆ ఆపరేషన్ జరిగితేనే వస్తుంది, అందుకని దరఖాస్తులో చెప్పక తప్పదు. అక్కడ కూడా ప్రొసీడింగ్స్‌లో ఆ సెలవుకు సంబంధించిన జీవో నంబరు వేస్తే పనైపోతుంది. తెలిసినవాళ్లు జీవో తీసి చూస్తే చూస్తారు, గోడ మీద అంటించినంత పని మాత్రం కాదు.

రెండో బాధ పత్రాలది. సెలవు అడిగితే డిశ్చార్జి సమ్మరీ తెమ్మంటారు, స్కాన్ రిపోర్టు, మందుల చీటీలు, చివరికి బిల్లులు కూడా. ఇవి మెడికల్ రీయింబర్స్‌మెంట్ ఫైలుకు కావాల్సినవి. సెలవు ఫైలు వేరు, రీయింబర్స్‌మెంట్ ఫైలు వేరు. రెండూ ఒకే సీటుకు వస్తుండటంతో కొత్తగా వచ్చిన గుమాస్తాలు కలిపేస్తున్నారు. డిశ్చార్జి సమ్మరీ ఒకసారి చదివి చూడండి: తాగుడు అలవాటుందా, గతంలో గర్భస్రావాలయ్యాయా, ఇంట్లో ఎవరికి ఏ జబ్బుంది, అన్నీ అందులోనే ఉంటాయి. సెలవు మంజూరుకు వాటితో ఏం పని? మామూలు కేసులో దరఖాస్తు, మెడికల్ సర్టిఫికెట్, చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంటే చాలు. దొంగ సర్టిఫికెట్ అని అనుమానం వస్తే ప్రభుత్వ వైద్యుడి దగ్గర మరో పరీక్షకు పంపే అధికారం ఎలాగూ ఉంది. ఆ దారి వదిలేసి గుమాస్తానే డాక్టరై స్కాన్ రిపోర్టు చూస్తానంటే ఎలా?

పైగా అడిగేది కూడా ఒక్కసారి అడగరు. ‘తగిన పత్రాలు జతపరచలేదు’ అని ఒక మెమో వస్తుంది. ఏ పత్రమో అందులో ఉండదు. మంచం మీదున్న మనిషి ఆఫీసుకు ఫోన్లు చేసి కనుక్కోవాలి, ఒకటి పంపితే ఇంకో ఆబ్జెక్షన్. ఈలోగా జీతం ఆగుతుంది, ఇంట్లో టెన్షన్. మెమో ఇలా ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు: ‘మీ దరఖాస్తు, మెడికల్ సర్టిఫికెట్ అందాయి. సర్టిఫికెట్‌పై మీ సంతకం లేదు, సంతకంతో ఉన్నది సీల్డు కవరులో సూపరింటెండెంటు పేర పంపండి. చేరే రోజున ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తేవాలి. ఇంకే పత్రమూ అవసరం లేదు.’ ఆ చివరి వాక్యం రాయడానికే మన ఆఫీసుల్లో చెయ్యి రాదు, రేపు ఆడిట్‌లో ఏమంటారో అని భయం.

రోగి గుట్టు బయటపెట్టకూడదని డాక్టర్లకు నియమం ఉంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ హక్కును విడిగా రాసి మరీ ఇచ్చింది. డాక్టరు దాచిన సంగతి తపాలు సెక్షన్‌లో విప్పితే ఆ చట్టం వల్ల రోగికి ఒరిగేదేమిటి? జిల్లా అధికారులు రెండు నమూనాలు, ఒకటి మంజూరు ఉత్తర్వుకు, ఒకటి మెమోకు, తయారుచేసి అన్ని ఆఫీసులకూ పంపాలి. వాట్సాప్‌లో పెట్టాలనుకుంటే ఆ ఖాళీ నమూనాలు పెట్టుకోమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆఫీసు సూపరింటెండెంటు,
కాకినాడ