స్లాబ్ తీశాం, బరువు తగ్గింది కదా!

సంపాదకుడు గారికి,

ఎక్కడైనా ఒక భవనం కూలిందంటే మరునాటి వార్తలో రెండే కారణాలు కనిపిస్తాయి. సిమెంటు తక్కువ వేశారు, లేదంటే ఇనుము తక్కువ వేశారు. అవి నిజమే కావచ్చు. కానీ ఆ కాలమ్ మందం ఎంత, మధ్యలో పట్టుకునే దూలం ఏదీ లేకుండా అది ఎంత ఎత్తు నిలబడింది అని అడిగిన వార్త ఇంతవరకు నా కంట పడలేదు. స్ట్రక్చరల్ ఇంజనీరుగా చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న ఎందుకు అడగాలో చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఒకసారి నాలుగంతస్తుల భవనం డిజైన్ అయిపోయి, పునాదులు కూడా లేచాక, యజమాని వచ్చి ముందు భాగంలో కింది రెండు అంతస్తులనూ కలిపేసి ఒకే పెద్ద హాలు చేద్దామన్నారు. అంటే ఆ భాగంలో మొదటి అంతస్తు స్లాబూ ఉండదు, దాని దూలాలూ ఉండవు. "కాలమ్‌లు మార్చాలి" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "అదేంటండీ, ఒక స్లాబ్ తీసేస్తున్నాం, బరువు తగ్గింది కదా! ఆ కాలమ్‌కి ఇంకా హాయి కదా!" అన్నారు. పక్కనే ఉన్న మేస్త్రీ కూడా తలూపాడు. తప్పు పట్టడానికేమీ లేదు, వినడానికి అది సరైన మాటలాగే ఉంటుంది.

బరువు నిజంగానే తగ్గింది. హాలు మధ్యలో వచ్చే కాలమ్ మీద 70 టన్నులు ఉండాల్సింది 60 టన్నులైంది. కానీ ఆ దూలాలు కాలమ్ మీద బరువు వేయడం ఒక్కటే కాదు, అది పక్కకు కదలకుండా నాలుగు వైపుల నుంచీ పట్టుకుంటున్నాయి కూడా. వాటిని తీసేసరికి మూడు మీటర్ల కాలమ్ కాస్తా ఆరు మీటర్ల కాలమ్ అయింది.

దీని ఫలితం తెలియాలంటే ఇంట్లో పిల్లల ప్లాస్టిక్ స్కేలు చాలు. 30 సెంటీమీటర్ల స్కేలును బల్ల మీద నిలబెట్టి అరచేత్తో పైనుంచి నొక్కండి. కొంచెం నొక్కగానే నడుము దగ్గర పక్కకు విల్లులా వంగిపోతుంది. చెయ్యి తీస్తే మళ్లీ నిటారుగా వస్తుంది. దాంట్లో ఏదీ విరగలేదు, నలగలేదు. అంటే అది ఓడిపోయింది ప్లాస్టిక్ బలం చాలక కాదు, పక్కకు తప్పుకోవడం వల్ల. దీన్నే బక్లింగ్ అంటారు. ఇప్పుడు ఎవరినైనా స్కేలు సరిగ్గా మధ్యలో రెండు వేళ్లతో పట్టుకోమనండి, గట్టిగా అక్కర్లేదు. ఈసారి వంచడానికి దాదాపు నాలుగింతలు నొక్కాలి. ఇంకొకటి గమనించండి, స్కేలు ఎప్పుడూ పలచని వైపుకే వంగుతుంది, వెడల్పు వైపుకు వంగదు. కాబట్టి వేళ్లు పలచని వైపు అడ్డుపడితేనే ఉపయోగం.

ఈ లెక్కను 1744లోనే ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడు. పొడవు రెట్టింపైతే బక్లింగ్‌కు తట్టుకునే బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. వంగే వైపు మందం రెట్టింపు చేస్తే ఎనిమిదింతలు పెరుగుతుంది. ఆయన సూత్రంలో పదార్థం ఎంత బిర్రుగా ఉంది, అంటే వంచబోతే ఎంత ఎదురు నిలుస్తుంది అన్నది ఉంటుంది కానీ, ఎంత బలంగా ఉందన్నది ఎక్కడా ఉండదు. "నేను ఎం-30 కాంక్రీటు వేశానండీ, ఏమీ కాదు" అనే కాంట్రాక్టరుకు ఇది చెప్పాలి. ఎం-20 నుంచి ఎం-30కి వెళ్తే బలం ఒకటిన్నర రెట్లవుతుంది, బిర్రుదనం మాత్రం ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ పెరుగుతుంది, అంతే. నాలుగో వంతుకు పడినదాన్ని అది పైకి లేపలేదు.

పొట్టి కాలమ్ సంగతి వేరు. అది వంగదు. బరువు మరీ ఎక్కువైతే నలుగుతుంది, కాంక్రీటు పెచ్చులూడి లోపలి కమ్మీలు బయటపడతాయి. అక్కడ బలమైన కాంక్రీటుకు, ఎక్కువ ఇనుముకు పూర్తి విలువ దక్కుతుంది. పొట్టి, సన్నం అన్న మాటలు చూపుతో తేల్చేవి కావు. కాలమ్ పట్టు లేకుండా నిలబడిన ఎత్తును దాని తక్కువ మందంతో భాగించాలి. కాంక్రీటు కాలమ్‌లకు మనం వాడే కోడ్‌లో 12 దగ్గర గీత గీశారు. రెండు వైపులా 12కు లోపుంటే పొట్టిది, ఏ ఒక్క వైపు దాటినా సన్నదే.

మా హాలు కాలమ్ 300 మిల్లీమీటర్ల చదరం. మూడు మీటర్ల ఎత్తుకు భాగిస్తే 10 వస్తుంది, అది పొట్టిది. ఆరు మీటర్లకు భాగిస్తే 20. ఇది పై స్లాబ్ అటూ ఇటూ ఊగదని నమ్మి వేసిన లెక్క. కింద గోడలు లేని భవనం ఊగుతుంది, అప్పుడు ఆరు మీటర్లను ఏడు మీటర్ల పైమాటగానే లెక్కించాలి.

20 వచ్చినంత మాత్రాన కాలమ్ స్కేలులా ఒక్కసారిగా వంగిపోతుందని కాదు. కాంక్రీటు కాలమ్‌లో జరిగేది ఇంకాస్త మెల్లగా, కనపడకుండా జరుగుతుంది. ఏ కాలమూ దారం పట్టినట్టు నిటారుగా ఉండదు, సెంట్రింగ్‌లో కొద్దిగానైనా వంకర వస్తుంది. బరువు పడగానే ఆ వంకర పెరుగుతుంది, వంకర పెరిగితే బరువు నడిమి గీత నుంచి పక్కకు జరుగుతుంది, అలా జరిగిన బరువు దాన్ని మరింత వంచుతుంది. కోడ్ సూత్రంతో చూస్తే 300 మిల్లీమీటర్ల కాలమ్‌కు నిష్పత్తి 20 అయినప్పుడు ఈ అదనపు జరుగుడును 60 మిల్లీమీటర్లుగా తీసుకోవాలి. నిష్పత్తి 10 ఉన్నప్పుడు అదే లెక్కకు 15 మాత్రమే వస్తుంది, పొట్టి కాలమ్‌కు దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

60 మిల్లీమీటర్లంటే మూడు వేళ్ల వెడల్పుకు కాస్త ఎక్కువ. ఇదొక లెక్కా అనిపిస్తుంది. కానీ చదరపు కాలమ్ మధ్య నుంచి బరువు దాని మందంలో ఆరో వంతు, అంటే ఇక్కడ 50 మిల్లీమీటర్లు దాటి పక్కకు జరిగితే రెండో వైపు నొక్కుడు పోయి లాగుడు మొదలవుతుంది. కాంక్రీటు లాగుడుకు ఆగదు, అటువైపు బీటలు వస్తాయి. బీటలిస్తే కాలమ్ బిర్రుదనం తగ్గుతుంది, తగ్గితే ఇంకా వంగుతుంది. 60 టన్నులు 60 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 3.6 టన్ను-మీటర్ల వంపు శక్తి. వివరంగా లెక్కిస్తే దీన్ని కొంత తగ్గించుకోవచ్చు. అయితే మూడు మీటర్ల కోసం వేసిన పాత డిజైన్‌లో దీనికి చోటే లేదు. పది టన్నులు తగ్గిందన్న సంతోషం ఇక్కడ తీరిపోతుంది.

దారులు రెండే. మొదటిది కాలమ్‌ను లావు చేయడం. ఆరు మీటర్ల ఎత్తుతో పొట్టి కాలమ్ కావాలంటే మందం 500 మిల్లీమీటర్లు దాటాలి. యజమానికి అది నచ్చలేదు, హాలులో ఏనుగు కాళ్లలా ఉంటాయన్నారు. రెండోది స్లాబ్ తీసేసినా మొదటి అంతస్తు మట్టంలో దూలాలను మాత్రం ఉంచడం, అవీ రెండు దిక్కులా ఉంచడం. ఒక దిక్కునే ఉంచితే కాలమ్ ఆ దిక్కులో మూడు మీటర్లది, రెండో దిక్కులో ఆరు మీటర్లదే. స్కేలుకు తప్పు వైపు వేళ్లు పెట్టినట్టే.

పట్టి ఉంచడానికి పెద్ద శక్తి అక్కర్లేదు. కాలమ్ బరువులో రెండు మూడు శాతం అడ్డంగా ఆపగలిగితే చాలని ఒక మోటు లెక్క ఉంది, 60 టన్నులకు అది రెండు టన్నుల లోపే. అయితే ఆ దూలం రెండో చివర కదలని దానికి తగులుకుని ఉండాలి. అన్నీ సన్న కాలమ్‌లే ఉన్న వరుసను ఒకదానికొకటి దూలాలతో కట్టేస్తే అన్నీ కలిసి ఒకే వైపుకు ఒరుగుతాయి. మా భవనంలో వెనుక భాగంలో మొదటి అంతస్తు స్లాబ్ అలాగే ఉంది కాబట్టి హాలు దూలాలను దాంట్లోకి కట్టాం. ఆ యజమాని చివరికి ఆ దూలాలకే దీపాలు వేలాడదీసుకున్నారు.

ఇది కాంక్రీటుకే పరిమితమైన విషయం కాదు. కెనడాలో కడుతున్న క్విబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. నొక్కుడు మోసే ఉక్కు భాగాల పలకలను కలిపి పట్టుకోవాల్సిన జాలీ పట్టీలు బలహీనంగా ఉండటంతో ఆ భాగాలు వంగిపోయాయి. కూలడానికి కొన్ని రోజుల ముందే అలాంటి ఒక భాగంలో వంకర పెరుగుతూ రెండు అంగుళాలు దాటిందని కొలిచారు కూడా. ఆ వంకర కర్మాగారం నుంచి వచ్చినప్పుడే ఉందని కొందరు వాదించారు. వాదన తేలేలోగా వంతెన పడిపోయింది.

మా హాలులా ఎత్తైన చోట స్లాబ్ పోసేటప్పుడు కింద పెట్టే సెంట్రింగ్ కర్రలకూ ఇదే వర్తిస్తుంది. కర్ర పొడవు చాలక ఒకదాని మీద ఒకటి నిలబెట్టి అతుకు వేస్తారు, మధ్యలో అడ్డకర్రలు మాత్రం కట్టరు. పచ్చి కాంక్రీటు బరువంతా వాటి మీదే పడుతుంది. కర్రలు లావుగా ఉన్నాయా అని అందరూ చూస్తారు, వాటిని పక్కలకు ఏం పట్టుకుందని చూసేవాళ్లు తక్కువ.

ఉన్న భవనంలో అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. కాలమ్ పై నుంచి కింది వరకు ఒక దారం బిగుతుగా లాగి పట్టండి. మధ్యలో దారానికీ కాలమ్‌కూ మధ్య సందు కనిపించినా, కాలమే దారాన్ని పక్కకు నెట్టినా అది వంకర. ప్లాస్టరింగ్ హెచ్చుతగ్గులు కూడా అలాగే కనిపిస్తాయి కాబట్టి ఒక్కసారి చూసి భయపడకూడదు. ఆ సందును కొలిచి రాసుకుని కొన్నాళ్లకు మళ్లీ కొలవాలి. పెరుగుతుంటే, లేదా కాలమ్ ఒక ముఖం మీద మాత్రమే అడ్డంగా సన్నని బీటలు కనిపిస్తుంటే, పైన బరువు తగ్గించి వెంటనే ఇంజనీరును పిలవాలి.

అధికారులను కోరేది ఒక్కటే. అనుమతి కోసం ఇచ్చే నక్షాల్లో ప్రతి కాలమ్ పక్కన దాని కొలతలతో పాటు రెండు దిక్కుల్లోనూ పట్టు లేని ఎత్తు ఎంతో రాయించండి. తర్వాత ఏ స్లాబ్ తీసినా, ఏ దూలం తీసినా ఆ అంకె మారుతుంది కాబట్టి, మారిన అంకెతో డిజైనరు మళ్లీ లెక్క వేసి సంతకం చేస్తేనే పని సాగనివ్వండి. మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఈసారి భవనం కూలిన చోటికి వెళ్లినప్పుడు సిమెంటు నమూనా గురించి అడిగాక, పడిన కాలమ్‌కు మధ్యలో దూలం ఏ దిక్కున ఉండేదో, అది ఎప్పుడు తీసేశారో కూడా అడగండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, స్ట్రక్చరల్ ఇంజనీరు