ఫోన్ చార్జర్ తీసేస్తే బిల్లు తగ్గదండీ

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కరెంటు పొదుపు గురించి అధికారుల సూచనలంటూ ఒక వార్త వేశారు. ఎల్ఈడీ బల్బులు వాడండి, పని అయ్యాక ఫోన్ చార్జర్ సాకెట్‌లోంచి తీసేయండి, పగటి వెలుతురు వాడుకోండి అని. అంతే, అయిపోయింది. ఎండలు ముదిరిన ప్రతిసారీ ఇదే వార్త, ఫొటో కూడా ఇదే అనుకుంటా. ఖాళీగా సాకెట్‌లో ఉన్న చార్జర్ నెలంతా తినేది ఒక యూనిట్‌లో నాలుగో వంతు కూడా ఉండదు సార్, దానికోసం జనాన్ని లేచి కూర్చోబెడతారు గానీ, బిల్లు ఎక్కడ పెరుగుతోందో ఒక్క ముక్క చెప్పరు. అది చెప్పాలనే ఈ ఉత్తరం.

తెలంగాణలో ఇళ్ళ కరెంటు రేట్లు 2022 ఏప్రిల్‌లో పెంచినవే ఇప్పటికీ నడుస్తున్నాయి. స్లాబ్ అంటే మనవాళ్ళలో ఎక్కువమంది అనుకునేది, 200 దాటితే దాటిన యూనిట్లకి మాత్రం ఎక్కువ రేటు పడుతుంది అని. కాదు. ఇక్కడ స్లాబులు మూడు గంపల్లో ఉన్నాయి, నెలకి 100 లోపు వాడేవాళ్ళది ఒకటి, 200 లోపు వాళ్ళది ఒకటి, 200 దాటినవాళ్ళది ఇంకొకటి. 200 లోపు ఉంటే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. 201 కొట్టారా, మిమ్మల్ని ఎత్తి మూడో గంపలో వేస్తారు, అక్కడ మొదటి యూనిట్ నుంచే 5.10, 200 పైన 7.70. అంటే వెనక వాడుకున్న 200 యూనిట్ల రేటు కూడా మారిపోతుంది. హోటల్లో ఐదో ఇడ్లీ తిన్నందుకు ముందు తిన్న నాలుగింటి రేటు కూడా పెంచి బిల్లు చేతిలో పెట్టినట్టు. ఇదేమిటని అడిగితే రూల్ అంటారు, నిజమే, రూలే.

మా ఇంటి బిల్లే చెప్తాను. మొన్న వచ్చింది 211 యూనిట్లు. 200 యూనిట్లకి 5.10 లెక్కన 1020, మిగతా 11కి 7.70 లెక్కన 84.70, మొత్తం ఎనర్జీ చార్జీలు 1104.70. కస్టమర్ చార్జీ 100. ఫిక్స్‌డ్ చార్జీ కిలోవాట్‌కి 10 చొప్పున మా మూడు కిలోవాట్లకి 30. ఎలక్ట్రిసిటీ డ్యూటీ యూనిట్‌కి 6 పైసలు, అది 12.66. కలిపితే 1247 రూపాయల చిల్లర. అదే మేము 200 దగ్గర ఆగి ఉంటే ఎనర్జీ చార్జీలు 820, కస్టమర్ చార్జీ 90, ఫిక్స్‌డ్ అదే 30, డ్యూటీ 12, మొత్తం 952. పదకొండు యూనిట్లకి 295 రూపాయలు, అంటే ఒక్కో యూనిట్ దాదాపు 27 రూపాయలు! ఏ టారిఫ్ పట్టికలో చూసినా 27 రూపాయల రేటు కనపడదు, కానీ నేను కట్టింది అదే.

మా చెల్లెలు విజయవాడలో ఉంటుంది. అక్కడ 2022లో ఈ గంపలన్నీ తీసేసి అందరికీ ఒకటే మెట్లు పెట్టారు, 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, తర్వాత 8.75 అలా. ఎంత వాడినా కింది మెట్టు రేటు కిందే ఉంటుంది. అందుకే 200 యూనిట్లకి వాళ్ళ ఎనర్జీ చార్జీలు 867, 201కి 873. మాకు 200కి 820, 201కి 1027.70. అలాగని వాళ్ళకి సుఖంగా ఉందని కాదు, ఇంధన సర్దుబాటు అని, ట్రూ అప్ అని అడుగున ఇంకో రెండు మూడు లైన్లు చేర్చి అక్కడ గుంజుతారు, ఫోన్ చేస్తే ముందు అదే తిట్టిపోస్తుంది. కానీ ఒక్క యూనిట్‌కి 200 రూపాయలు ఎగిరే గొయ్యి మాత్రం అక్కడ లేదు.

గృహజ్యోతి వాళ్ళకైతే ఇంకా దెబ్బ. 200 దాకా జీరో బిల్లు, దాటితే దాటిన నాలుగు యూనిట్లకి కాదు, మొత్తానికి కట్టాలి. మా వీధిలో ఒక కుట్టుమిషన్ ఆవిడకి 204 వచ్చి పదకొండొందల పైచిలుకు బిల్లు చేతిలో పెట్టారు. ముందు నెల సున్నా. ఆవిడ మీటర్ పాడైందనుకుని ఆ బిల్లు నా దగ్గరికి తెచ్చింది, పాపం మీటర్ బాగానే ఉంది.

ఇంకోటి, ఫిక్స్‌డ్ చార్జీ అనగానే అందరూ తిడతారు, నేను తిట్టను, మన దగ్గర కిలోవాట్‌కి పది రూపాయలే. అది మీరు వాడినదాన్ని బట్టి కాదు, బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఉంటుంది చూడండి, దాన్ని బట్టి. ఊరెళ్ళి ఇల్లు తాళం వేసినా పడుతుంది. దాని పక్కనే ఆర్ఎండీ అని ఉంటుంది, ఆ నెలలో ఒక్కసారిగా మీరు లాగిన గరిష్ట లోడ్. గీజర్, ఏసీ, మోటార్ ఒకేసారి వేసి అది కాంట్రాక్టెడ్ లోడ్ దాటిందంటే అదనపు లోడ్‌కి డబ్బు కట్టమని నోటీసు వస్తుంది. వాటిని ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటే ఆ బాధ ఉండదు. యూనిట్లు మాత్రం ఎలా వేసినా అవే.

ఇక చేయాల్సిందేమిటంటే, రీడింగ్ తీసిన రోజు నుంచి లెక్క పెట్టుకోవడం. మీటర్ స్క్రీన్ మీద అంకెలు ఒకటొకటిగా మారుతుంటాయి, పక్కన kWh అని ఉన్నదే మనకి కావాల్సింది. బిల్లులో ప్రస్తుత రీడింగ్ ఉంటుంది కదా, 20 రోజులకి వెళ్ళి చూస్తే తేడా 133 దాటి ఉందంటే 200 దాటబోతున్నారని అర్థం, అప్పుడు ఇంకా పది రోజులు చేతిలో ఉంటాయి. మాకు ఎక్కువైన పదకొండు యూనిట్లు తగ్గించడానికి పది రోజులు చాలు. గీజర్ రెండు కిలోవాట్లది అరగంట వేస్తే ఒక యూనిట్. ఎండాకాలంలో గీజర్ ఎందుకండీ అసలు, మా అబ్బాయితో రోజూ ఇదే గొడవ.

ఏసీ రోజంతా నడిచే ఇంట్లో 200 ఎలాగూ దాటుతుంది, వాళ్ళకి ఈ లెక్క అక్కర్లేదు. దాటాక మళ్ళీ అలాంటి గొయ్యి ఉండదు, 300 పైన 9 రూపాయలు ఆ పై యూనిట్లకే పడుతుంది. 190కీ 230కీ మధ్య కొట్టుకునే మాలాంటి ఇళ్ళకే ఇది ప్రాణసంకటం.

చార్జర్ సంగతి చెప్పిన అధికారులు ఫ్యాన్ల సంగతి ఎందుకు చెప్పరో నాకు తెలీదు. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 లోపు. మూడు ఫ్యాన్లు రోజుకి పద్నాలుగు గంటలు తిరిగే ఇంట్లో నెలకి 57 యూనిట్ల దాకా తేడా. మా 211లోంచి 57 తీసేస్తే 154, దాని బిల్లు 728 రూపాయలు. అంటే ఐదొందలకి పైగా మిగులు. ఫ్యాన్ రెండున్నర మూడు వేలు ఉంటుంది, చలికాలం అంత తిరగవు కాబట్టి డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళు పైనే పట్టొచ్చు, షాపువాడు ఆర్నెల్లు అంటాడు, నమ్మొద్దు. ఇంకోటి సెట్ టాప్ బాక్స్. టీవీ రిమోట్‌తో ఆపి పడుకుంటాం, అది ఎనిమిది పది వాట్లు రాత్రంతా తింటూనే ఉంటుంది, రోజంతా వదిలేస్తే నెలకి ఆరేడు యూనిట్లు. గోడ స్విచ్ ఆపితే మా 11 యూనిట్లలో సగం అక్కడే పోయేది.

బిల్లు మీద అనుమానం ఉన్నవాళ్ళు ముందు ఇంట్లో స్విచ్చులన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసి, మీటర్ మీద మినుకుమినుకుమనే ఎర్ర లైటు చూడండి. ఇంకా కొట్టుకుంటుంటే ఏదో తింటోంది, చాలాసార్లు అది పాత ఇన్వర్టర్ బ్యాటరీ. మీటర్ తర్వాత ఉన్న మెయిన్ కూడా ఆపి చూడండి, అప్పుడూ ఆగకపోతే మీ మీటర్ నుంచి వేరే ఎవరికైనా వైరు వెళ్ళిందా, లేక మీటర్ తేడానా అనేది డిపార్ట్‌మెంట్ వచ్చి తేల్చాలి. అలా ఆగకపోతేనే మీటర్ టెస్టింగ్‌కి రాసివ్వండి, ఊరికే రాసిస్తే ఫీజు దండగ.

రోజుల లెక్క కూడా చూసుకోవాలి. రీడింగ్ అబ్బాయి ఒక నెల 28 రోజులకి వస్తాడు, ఒక నెల 33కి. రోజుకి ఆరున్నర యూనిట్లు వాడే ఇంటికి 30 రోజులకి 195, 33కి 214. వాడకం మారలేదు, గంప మారింది. టారిఫ్‌లో ఉన్నది నెలకి 200 అని. అందుకే బిల్లులో ఉన్న రెండు తేదీల మధ్య రోజులు లెక్కేసి, యూనిట్లని రోజులతో భాగించి 30తో హెచ్చించండి. అది 200 లోపు వచ్చి కూడా మొదటి యూనిట్‌కే 5.10 వేసి ఉంటే ఆ బిల్లు, ముందు బిల్లు రెండూ పట్టుకుని వెళ్ళి రాతపూర్వకంగా అడగండి. నోటితో అడిగితే మా కరెంటాఫీసులో నాకు చెప్పినట్టే చెప్తారు, "అదంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది సార్" అని. కౌంటర్ దగ్గర ఆమె ఫోన్ చూసుకుంటూ చెప్పింది ఆ మాట. సాఫ్ట్‌వేర్ చూసుకునేదైతే ఎన్ని రోజులు, ఎంత సర్దుబాటు అని బిల్లు మీద ఒక్క లైను వేయడానికి ఏం నొప్పి? అసలు ఆ బిల్లు చూడండి, వేలెడంత వెడల్పు కాగితం, ఇంగ్లీషు పొడి అక్షరాలు, మూడు నెలలకి తెల్లగా అయిపోతుంది, ఫిర్యాదు చేద్దామంటే సాక్ష్యం ఉండదు. నేను ప్రతి బిల్లూ వచ్చిన రోజే ఫొటో తీసి పెడుతున్నాను, అందరూ తీసుకోండి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి, తేలకపోతే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, దానికి లాయరు అక్కర్లేదు.

ఒకప్పుడు కరెంటాఫీసులో గోడ మీద రేట్ల బోర్డు తెలుగులో పెద్దక్షరాలతో ఉండేది. ఇప్పుడు ఆ గోడకి నాయకుల ఫొటోలు. రేట్లు పెంచే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది, ఎవరైనా వెళ్ళి అభ్యంతరం చెప్పొచ్చు, కానీ ఆ ప్రకటన మీ పత్రికలోనే చీమ తలకాయంత అక్షరాలతో వస్తుంది, భూతద్దం పెట్టుకున్నా నాకు కనపడలేదు. ఈసారి విచారణ తేదీ వచ్చినప్పుడు దాన్ని మొదటి పేజీలో వేయండి, పక్కన 200, 201 యూనిట్ల బిల్లులు రెండూ వేయండి. నేను మాత్రం వెళ్ళి ఈ గంపల పద్ధతి తీసేయమనే అడుగుతాను.

ఇట్లు,
మీ పాత చందాదారు