బాండు లెక్క వస్తుంది, బాండు అర్థం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న మీ బిజినెస్ పేజీలో ప్రభుత్వ బాండ్ల ఈల్డ్, అంటే ఈరోజు ధరకు కొన్నవాడికి గిట్టే రాబడి, పెరిగిందని నాలుగు లైన్ల వార్త వేశారు. నా దగ్గర ఎం.కాం. చదివే ఒక అమ్మాయి అది చదివి, "సార్, అయితే బాండ్లు ఉన్నవాళ్లకు మంచిదే కదా?" అని అడిగింది. అంతకు వారం ముందే ఆ అమ్మాయి పరీక్షలో బాండు లెక్క ఒక్క పైసా తేడా లేకుండా చేసి వచ్చింది. తప్పు తనది అనిపించలేదు. ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్న నాలాంటి వాళ్లదీ, ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లదీ అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన పరీక్షల్లో వచ్చే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. ముఖ విలువ రూ.1,000, కూపన్ అంటే ఏటా ఇచ్చే వడ్డీ 8 శాతం, గడువు 5 ఏళ్లు, మదుపరి కోరే రాబడి 10 శాతం, బాండు విలువ ఎంత? పిల్లలు మామూలు క్యాలిక్యులేటర్ మీద 1 ÷ 1.10 కొట్టి, = గుర్తును టకటకా ఐదుసార్లు నొక్కుతారు. 0.62092 వస్తుంది. వచ్చిన జవాబులన్నిటినీ కూడే GT మీట నొక్కితే 3.7908 వస్తుంది. మొదటిదాన్ని 1,000తో, రెండోదాన్ని 80తో గుణించి కలిపితే రూ.924.18. రెండు నిమిషాల పని, ఐదు మార్కులు. వేళ్లకు వచ్చిన విద్య ఇది, దీన్ని నేనూ నేర్పించాను.

ఆ అమ్మాయిని ఇదే లెక్క మీద ఒక మాట అడిగాను. 10 శాతం బదులు 6 శాతం అయితే ధర వెయ్యికి పైనా, కిందా? క్యాలిక్యులేటర్ ముట్టుకోకుండా చెప్పమన్నాను. "రాబడి తగ్గింది కాబట్టి ఇంకా కింద" అంది. తర్వాత నొక్కి చూసుకుంటే రూ.1,084.25 వచ్చింది. ఎక్కడో తప్పు కొట్టానేమో అని మళ్లీ మొదటినుంచి నొక్కింది.

ఇక్కడ పిల్లలు తడబడేది ఒక్కచోటే. ఈల్డ్ అంటే బాండు మనకిచ్చే డబ్బు అనుకుంటారు. బాండు ఇచ్చే డబ్బు అచ్చువేసిన రోజే ఖాయమైపోయింది. ఏటా 80, చివర 1,000, అంతే. బజార్లో వడ్డీ ఆకాశానికి వెళ్లినా ఆ 80 కాస్తా 81 కాదు. ఇప్పుడు బయట కొత్త బాండ్లు 10 శాతం ఇస్తున్నాయనుకుందాం. మన 8 శాతం కాగితాన్ని వెయ్యి పెట్టి ఎవరు కొంటారు? బేరం ఆడతారు. రావలసిన సొమ్ము మారదు కాబట్టి, ఈరోజు చేతికిచ్చే ధర ఒక్కటే కిందికి దిగగలదు. ఎంతవరకు దిగాలి? కొన్నవాడికి సరిగ్గా 10 శాతం గిట్టేవరకు. ఆ అంకె 924.18. కొత్త బాండ్లు 6 శాతమే ఇస్తుంటే బేరం తిరగబడుతుంది. ఏటా 80 ఇచ్చే పాత కాగితం కోసం జనం వెయ్యి మీద 84 రూపాయలు ఎక్కువిచ్చి మరీ కొంటారు.

80ని 924తో భాగిస్తే 8.66 శాతమే కదా, 10 ఎక్కడిది అని బాగా చదివే పిల్లలు అడుగుతారు. ఒక ఏడాది గడవనిచ్చి చూడండి. ఇంకా నాలుగేళ్లే మిగిలాయి, బజారు రాబడి 10 శాతమే ఉంది. అప్పుడు ధర రూ.936.60. అంటే కొన్నవాడికి కూపన్ 80 వచ్చింది, ధర మీద 12.42 పెరిగింది, మొత్తం 92.42. అది 924.18 మీద సరిగ్గా 10 శాతం. ఈ 12 రూపాయల సంగతి అర్థమైన రోజు ఫార్ములాతో పనుండదు. మరో సంగతి కూడా బయటపడుతుంది. ఈల్డ్ కదలకపోయినా, గడువు దగ్గరపడే కొద్దీ ధర దానంతటదే వెయ్యి వైపు నడుస్తుంది. ఈల్డ్, ధర ఎదురెదురుగా నడుస్తాయనే సూత్రాన్ని బట్టీ పట్టినవాళ్లు ఇలాంటి ప్రశ్న వస్తే దొరికిపోతారు. కూపన్ కూడా బజారు వడ్డీతో పాటు మారే ఫ్లోటింగ్ రేటు బాండ్ల దగ్గరైతే ఆ సూత్రం చాలావరకు చప్పబడిపోతుంది.

ప్రశ్నపత్రాలతో నాకున్న అసలు గొడవ ఇంకొకటుంది. కూపన్ ఏడాదికోసారా, ఆర్నెల్లకోసారా అన్నది చాలామంది రాయరు. మన ప్రభుత్వ బాండ్లు మామూలుగా ఆర్నెల్లకోసారి చెల్లిస్తాయి. పైన చెప్పిన బాండునే అలా లెక్కేస్తే, 40 రూపాయల చొప్పున పది కిస్తీలు, ఒక్కోదానికి 5 శాతం, మొత్తం రూ.922.78 వస్తుంది. తేడా 1.40 మాత్రమే. కానీ నేను చూసిన ఒక ఆబ్జెక్టివ్ పేపర్లో ఆప్షన్లలో రెండు అంకెలూ ఉన్నాయి, కూపన్ ఎప్పుడెప్పుడు ఇస్తారో మాత్రం ప్రశ్నలో లేదు. కీలో ఒకటే సరైనదన్నారు. నిజం బాండ్ల సంగతి తెలిసి ఆర్నెల్ల లెక్క వేసినవాడికి సున్నా, ఆలోచించకుండా ఏడాది లెక్క వేసినవాడికి మార్కు. అభ్యంతరం పంపినవాళ్లకు జవాబు రాలేదు.

ప్రశ్నలకు సరుకు లేదా అంటే మన దగ్గరే బోలెడుంది. 2021 జూలైలో కేంద్రం 6.10 శాతం కూపన్‌తో 2031లో తీరే పదేళ్ల బాండు తెచ్చింది. అప్పుడు రెపో రేటు, అంటే రిజర్వు బ్యాంకు బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీ, 4 శాతం. 2022 మే 4న రిజర్వు బ్యాంకు దాన్ని 4.40కి పెంచింది, 2023 ఫిబ్రవరికి 6.50 చేసింది. పదేళ్ల బాండ్ల మీద బజారు కోరే రాబడి 7 శాతం దాటింది. 6.10 కూపన్ ఉన్న ఆ కాగితం ధర వంద రూపాయల ముఖ విలువ కిందికి దిగక తప్పలేదు. మొదట వందకు కొన్నవాడు మధ్యలో అమ్మితే నష్టం. 2031 దాకా అట్టిపెట్టుకుంటే వందకు వంద వస్తాయి, కాకపోతే అన్నాళ్లూ 6.10తోనే సరిపెట్టుకోవాలి. రిజర్వు బ్యాంకు రిటైల్ డైరెక్ట్ పథకం వచ్చిన 2021 నవంబరు నుంచి ఈ బాండ్లను మామూలు జనమూ నేరుగా కొంటున్నారు. మా వీధిలో రిటైరైన ఒకాయన కొన్నాడు. ఆన్‌లైన్లో ధర తగ్గి కనిపించేసరికి టెన్షన్ పడి నా దగ్గరికొచ్చాడు.

కాబట్టి ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు మీ పత్రిక ద్వారా నా మనవి. కూపన్ ఎన్ని నెలలకోసారో ప్రశ్నలోనే రాయండి. విలువ కట్టమన్న తర్వాత కింద ఒక్క లైను కలపండి: ఈ బాండును నిరుడు వెయ్యికి కొన్న మనిషి ఈరోజు అమ్మితే లాభమా, నష్టమా, ఎందుకు? దానికి రెండు మార్కులు పెట్టండి.

మీకూ ఒక మనవి. ఈల్డ్ పెరిగిందని వార్త రాసినప్పుడు, పక్కనే 'అంటే బాండ్ల ధర తగ్గింది' అని మూడు నాలుగు మాటలు చేర్చండి. ఆ నాలుగు లైన్ల వార్తలో అంత చోటు ఉండింది.

భవదీయుడు,
ఒక కామర్స్ అధ్యాపకుడు,
హనుమకొండ