కిరాయికి తిప్పితే క్లెయిమ్ రాదని ముందే చెప్పాలి

సంపాదకులకు,

సంక్రాంతికి ముందు వారం ఎల్బీ నగర్ దగ్గర నిలబడి చూస్తే, తెల్ల ప్లేటు కార్లవాళ్ళు విజయవాడకు మనిషికి ఇంతని మాట్లాడుకుని ఎక్కించుకోవడం కనిపిస్తుంది. పండగ లేని రోజుల్లో ఇలాంటి కార్లే తెలిసినవాళ్ళ ఫోన్ల మీద కిరాయిలకు, పార్సిళ్ళ డెలివరీకి తిరుగుతుంటాయి. కారు లోను వాయిదా ఎంతో కొంత గడుస్తుందని తిప్పుతారు. వాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. మోటారు క్లెయిమ్‌లు చూసే సర్వేయర్‌గా నా బాధ వేరే. వీళ్ళలో చాలామంది తమకు ‘ఫుల్ ఇన్సూరెన్స్’ ఉందని ధైర్యంగా ఉంటారు. కిరాయి మీద ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే ఆ పాలసీ దాదాపు చేతులెత్తేస్తుందని వాళ్ళకు ఎవరూ చెప్పరు.

ప్రైవేటు కారు పాలసీలో ‘లిమిటేషన్స్ యాజ్ టు యూజ్’ అని ఒక పేరా ఉంటుంది. బండిని కిరాయికి తిప్పకూడదు, శాంపిళ్ళు, సొంత సామాను తప్ప వేరే సరుకు మోయకూడదు అని అందులో ఉంటుంది. రేసులకు వాడకూడదన్న షరతు కూడా అక్కడే. సరుకు మాట గమనించండి. ‘నేను మనుషుల్ని ఎక్కించుకోవడం లేదు, పార్సిళ్ళే కదా’ అనుకునే డెలివరీ అబ్బాయి కూడా ఈ పేరాలోనే చిక్కుకుంటాడు.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. 1,200 సీసీ కారు, తెల్ల ప్లేటు, బంపర్ టు బంపర్ పాలసీ. హైదరాబాద్ నుంచి నలుగురిని ఎక్కించుకుని వస్తూ సూర్యాపేట దాటాక బైక్‌ను గుద్దింది. వర్క్‌షాప్ ఎస్టిమేట్ 2.80 లక్షలు. క్లెయిమ్ ఫారంలో ‘ప్రమాద సమయంలో వాహనాన్ని ఏ పనికి వాడుతున్నారు’ అనే గడి ఉంటుంది. ఓనరు అందులో ‘బంధువులతో ప్రయాణం’ అని రాశాడు. కానీ ఆసుపత్రిలో ఉన్న ప్యాసింజర్లు పోలీసులకు తలా ఇంత ఇచ్చి ఎక్కామని అప్పటికే చెప్పేశారు. ఆ నలుగురికీ ఒకరి పేరు ఒకరికి తెలియదు. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. కిరాయి ఒక కారణం, ఫారంలో అబద్ధం రాయడం రెండో కారణం. నిజం రాసి ఉంటే కొంతైనా అడగడానికి దారి ఉండేది. 2010లో సుప్రీంకోర్టు, ప్రైవేటు పాలసీ ఉన్న కారు కిరాయి మీద ఉండగా ప్రమాదానికి గురైన కేసులో, క్లెయిమ్‌ను మొత్తంగా కొట్టేయకుండా ‘నాన్ స్టాండర్డ్’ పద్ధతిలో కొంత కట్టమంది. అంతకు ముందు 2008లో, కిరాయికి వెళ్ళి దొంగతనానికి గురైన బండి విషయంలో 75 శాతం చెల్లింపును సమర్థించింది. ఆ లెక్కన చూసినా 2.80 లక్షల్లో ఎక్కువలో ఎక్కువ 2.10 లక్షలు. అదీ కంపెనీ తనంతట తాను ఇచ్చేది కాదు, తిరిగి సాధించుకోవాల్సిందే.

కారు రిపేరు పోతే పోయిందనుకోవచ్చు. అసలు దెబ్బ థర్డ్ పార్టీ దగ్గర తగులుతుంది. బైక్ మీది మనిషి చనిపోయి, ట్రిబ్యునల్ ఆ కుటుంబానికి 18 లక్షలు వేసిందనుకుందాం. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ (2019 సవరణకు ముందు ఇది 149) ప్రకారం, కిరాయికి పర్మిట్ లేని బండిని కిరాయికి తిప్పారన్నది బీమా కంపెనీ చూపించగలిగే చట్టబద్ధమైన అభ్యంతరం. అయితే బాధితుల కుటుంబం వీధిన పడకూడదని కోర్టులు చాలా కేసుల్లో ‘ముందు మీరు కట్టండి, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోండి’ అని కంపెనీలను ఆదేశిస్తున్నాయి. 2004లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన పర్మిట్ లేని ఆటో కేసులోనే సుప్రీంకోర్టు ఆ వసూలు ఎలా జరగాలో కూడా చెప్పింది. కంపెనీ వేరే దావా వేయక్కర్లేదు. తీర్పును అమలు చేయించే ఎగ్జిక్యూటింగ్ కోర్టులోనే వసూలుకు దిగవచ్చు. డబ్బు బాధితులకు విడుదల చేసే ముందే ఓనరుకు నోటీసు వెళ్తుంది, మొత్తానికి సెక్యూరిటీ చూపించమంటారు, బండిని అటాచ్ చేస్తారు. అంటే ఆ 18 లక్షలు బాధితులకు చేరినా, చివరికి కట్టాల్సింది థర్డ్ పార్టీ కింద మూడు వేల చిల్లర ప్రీమియం కట్టి నిశ్చింతగా ఉన్న మన కారాయనే. కారులో గాయపడ్డ నలుగురి సంగతి ఇంకో తలనొప్పి. డబ్బిచ్చి ఎక్కిన ప్యాసింజరుకు ఈ పాలసీ వర్తించదని కంపెనీ వాదిస్తుంది.

ఈ నిబంధన అన్యాయమని నేను అనను. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం పన్ను కాక 3,416 రూపాయలు. అదే కారు టాక్సీ అయితే 7,940, దానిమీద ప్యాసింజరుకు 978 చొప్పున. నలుగురికి లెక్క వేస్తే 11,852. పగలూ రాత్రీ రోడ్డు మీద ఉండే బండికి ప్రమాదం అవకాశం ఎక్కువ, అందుకే మూడు రెట్లకు పైగా తేడా. తక్కువ రేటు కట్టి ఎక్కువ రిస్కు మోయమని అడగడం కుదరదు. కానీ ఈ తేడా ఏజెంటు రెన్యువల్ చేసే రోజున చెప్పాల్సింది, ప్రమాదం జరిగాక లెటర్‌లో చెప్పాల్సింది కాదు. ఆన్‌లైన్‌లో అయితే రెండు నిమిషాల్లో డబ్బు కట్టించుకుంటారు. బండిని దేనికి వాడుతున్నారని మామూలు మాటల్లో ఒక్క ప్రశ్న కూడా అడగరు.

పసుపు ప్లేటుకు మారడమూ తేలిక కాదు. లోను ఉంటే ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ కావాలి, ఆర్టీఏ ఆఫీసులో ఆర్సీ క్లాస్ మార్పించాలి, ఫిట్‌నెస్, పర్మిట్, పన్ను అన్నీ కొత్తగా చూసుకోవాలి. ఇవన్నీ చేసి కూడా కొందరు ఒక పని మర్చిపోతారు: పాత ప్రైవేటు పాలసీని టాక్సీ పాలసీగా మార్పించుకోరు. ప్లేటు పసుపు, పాలసీ ప్రైవేటు అయితే ఇబ్బంది మళ్ళీ మొదటికే వస్తుంది. ఒక్క ఊరట, మామూలు కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సు ఇలాంటి టాక్సీకి కూడా సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

మీ పత్రిక ద్వారా బీమా నియంత్రణ సంస్థను నేను కోరేది చిన్నదే. ప్రైవేటు కారు పాలసీ మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో, తెలుగులో ‘ఈ కారును కిరాయికి గానీ, డెలివరీకి గానీ తిప్పితే ఈ పాలసీ వర్తించకపోవచ్చు’ అని రాయించాలి. రెన్యువల్‌లో వాడకం గురించి అడిగి సంతకం తీసుకోవాలి. బండ్లను చేర్చుకునే యాప్‌లు, డెలివరీ కాంట్రాక్టర్లు ఆర్సీతోపాటు పాలసీ క్లాస్ కూడా చూసి, తెల్ల ప్లేటు వస్తే చేర్చుకోకుండా వెనక్కి పంపాలి. రవాణా శాఖ పండగ రోజుల్లో తనిఖీలతో ఆగకుండా, మిగతా రోజుల్లో ప్లేటు మార్పుకు ఒకే కౌంటర్ పెట్టాలి.

ఇప్పటికే క్లెయిమ్ తిరస్కరణ లెటర్ చేతికొచ్చినవాళ్ళు దాన్ని పారేయవద్దు. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సొంత డ్యామేజీలో కొంత భాగమైనా నాన్ స్టాండర్డ్ కింద ఇమ్మని అడగండి, ఫారంలో మాత్రం కిరాయిని కిరాయి అనే రాయండి.

ఇట్లు,
ఒక మోటారు క్లెయిమ్ సర్వేయర్,
సూర్యాపేట