ఒక్క ఆప్షన్ తెలిస్తే సరిపోని ప్రశ్నలు

సంపాదకుడు గారికి,

నమస్కారం. ‘సరైనవన్నీ గుర్తించండి’ అని అడిగే బహుళ సమాధాన ప్రశ్నలకు మన విద్యార్థులను సిద్ధం చేస్తున్న తీరు గురించి, అందులో పత్రికల చదువుల పేజీలు చేయగలిగిన ఒక పని గురించి ఈ లేఖ రాస్తున్నాను.

గేట్ పరీక్షలో ఈ ప్రశ్నలు 2021లో ప్రవేశించాయి. నాలుగు ఆప్షన్లలో ఒకటి సరైనది కావచ్చు, నాలుగూ కావచ్చు. సరైనవన్నీ గుర్తించి, తప్పు దాన్ని ఒక్కదాన్ని కూడా ముట్టకపోతేనే మార్కులు వస్తాయి. పాక్షిక మార్కులు లేవు, రుణాత్మక మార్కులూ లేవు. ఆ రెండో మాట మాత్రమే పట్టుకొని, ‘పోయేదేమీ లేదు, ఏదో ఒకటి పెట్టేయండి’ అని పిల్లలకు చెప్పడం చాలాచోట్ల వింటున్నాను. కానీ నాలుగు ఆప్షన్లతో ఏర్పడే జవాబులు 15. ఏమీ తెలియకుండా పెట్టినవాడికి సరైన జవాబు తగిలే అవకాశం 15లో ఒక వంతు మాత్రమే. ఒకే సమాధానం ఉండే బిట్టులో నాలుగింట ఒక వంతు ఉండే అవకాశం ఇక్కడ అంతగా పడిపోతుంది.

అంతకంటే ముఖ్యమైనది సగం తెలిసినవాడి సంగతి. ప్రతి ఆప్షన్ విషయంలోనూ పదింట ఎనిమిదిసార్లు సరిగా తేల్చగల విద్యార్థిని ఊహించండి. ఒకే సమాధానం ఉండే పరీక్షలో అతడు మంచి విద్యార్థే, ఎందుకంటే ఒక ఆప్షన్ కచ్చితంగా తెలిస్తే మిగతా మూడింటినీ చూడవలసిన పనే ఉండదు. ఇక్కడ మాత్రం అతడు నాలుగు నిర్ణయాలూ వరుసగా సరిగా తీసుకోవాలి. 0.8ని నాలుగుసార్లు గుణిస్తే దాదాపు 0.41 వస్తుంది. అంటే ప్రతి ఆప్షన్ మీదా 80 శాతం పట్టున్న విద్యార్థి ప్రశ్న మొత్తంగా చూస్తే సగంకంటే ఎక్కువసార్లు సున్నాతో బయటపడతాడు. ‘చదివాడు, వచ్చు, కానీ మార్కులు రాలేదు’ అని తల్లిదండ్రులు బాధపడే చోట చాలాసార్లు జరిగేది ఇదే.

ఒక ఉదాహరణ చూద్దాం. n ఒక ధన పూర్ణసంఖ్య, n² అనేది 12తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. అయితే కిందివాటిలో తప్పనిసరిగా నిజమైనవి ఏవి? (ఎ) n, 6తో భాగింపబడుతుంది. (బి) n, 12తో భాగింపబడుతుంది. (సి) n², 36తో భాగింపబడుతుంది. (డి) n, 4తో భాగింపబడుతుంది. పదో తరగతి గణితం తెలిసినవారు ఎవరైనా చేయగల లెక్క ఇది. 12 = 2 × 2 × 3 కాబట్టి n²లో 2, 3 అనే ప్రధాన కారణాంకాలున్నాయి; వర్గంలో ఉన్న ప్రధాన కారణాంకం అసలు సంఖ్యలోనూ ఉండి తీరాలి; కనుక n, 6తో భాగింపబడుతుంది. ఇంతవరకు వచ్చి, (ఎ) దొరికిందన్న తృప్తితో చాలామంది తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అక్కడే మార్కు పోతుంది. n = 6k అని ఒక్క పంక్తి ముందుకు రాస్తే n² = 36k², కాబట్టి (సి) కూడా నిజమే. ఇక (డి) దగ్గర మరో రకం జారుడు ఉంది: n², 4తో భాగింపబడుతుంది కదా, n కూడా అంతే అనుకుంటారు. n = 6 తీసుకొని చూస్తే n² = 36, అది 12తో భాగింపబడుతుంది; 6 మాత్రం 4తోనూ భాగింపబడదు, 12తోనూ భాగింపబడదు. ఒక్క సంఖ్యతో (బి), (డి) రెండూ తొలగిపోయాయి. జవాబు (ఎ), (సి).

ఇందులో గమనించవలసింది ఆ పని జరిగిన క్రమం. నాలుగు ఆప్షన్లను ఒకదానితో ఒకటి పోల్చి ఏది ఎక్కువ బాగుందో చూడలేదు. ఒక్కొక్కదాన్ని విడి వాక్యంగా తీసుకొని నిజమో కాదో తేల్చాం. నిజమనడానికి రుజువు కావాలి, కాదనడానికి అది చెల్లని ఒక్క సందర్భం చాలు. రుజువూ దొరకక, చెల్లని సందర్భమూ దొరకని ఆప్షన్ ఇంకా తేలలేదని అర్థం. దాని పక్కన ప్రశ్నార్థకం వేసుకోవాలి తప్ప ‘నిజంలాగే ఉంది’ అని సరిపెట్టుకోకూడదు. ‘నాలుగూ సరైనవి ఇవ్వరులే’, ‘ఒకటే ఉంటే ఈ రకం ప్రశ్న ఎందుకిస్తారు’ వంటి ఊహలకు నిబంధనల్లో ఆధారం లేదు.

తేలని ఆప్షన్‌ను ఏం చేయాలన్నది పరీక్షను బట్టి మారుతుంది, ఈ తేడాను చెప్పకుండా రెండింటికీ ఒకే సలహా ఇవ్వడం అన్యాయం. గేట్‌లో మిగతా మూడూ తేలిపోతే నాలుగోదాన్ని ఎటు మొగ్గు ఉంటే అటు నిర్ణయించుకోవచ్చు, నష్టం లేదు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో ఇటీవలి సంవత్సరాల పద్ధతి వేరు: అన్నీ సరిగా గుర్తిస్తే 4 మార్కులు, సరైనవాటిలో కొన్నిటినే గుర్తిస్తే గుర్తించిన సంఖ్యను బట్టి 3 లేదా 2 లేదా 1, ఒక్క తప్పు ఆప్షన్ కలిసినా మైనస్ 2. పై ప్రశ్నే అక్కడ వచ్చి, (ఎ) రుజువై, (బి), (డి) తొలగి, (సి) ఒక్కటే తేలలేదనుకోండి. (ఎ) మాత్రమే పెడితే, (సి) నిజమైన పక్షంలో 1 మార్కు, కాని పక్షంలో పూర్తి 4 మార్కులు. రెండూ పెడితే ఆ రెండు సందర్భాల్లో 4, మైనస్ 2. లెక్క కడితే (సి) నిజమయ్యే అవకాశం మూడింట రెండు వంతులు దాటినప్పుడే దాన్ని కలపడం లాభం. మూడు ఆప్షన్లు సరైనవని ఖాయమై నాలుగోది మాత్రమే అనుమానంగా ఉంటే ఆ హద్దు ఏడింట ఆరు వంతులకు పెరుగుతుంది. ‘సగం సగం అనిపించింది, పెట్టేశాను’ అనే విద్యార్థి రెండు సందర్భాల్లోనూ నష్టపోతున్నాడు.

మన రాష్ట్రాల్లో మొదటి సరైన ఆప్షన్ దొరకగానే ఆగిపోయే అలవాటు ఎలా ఏర్పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఇంజనీరింగ్ ప్రవేశానికి రాసే ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 బిట్లు, ప్రతిదానికీ ఒకే సమాధానం, తప్పుకు కోత లేదు. అక్కడ జవాబు కనబడగానే ఆగిపోవడమే తెలివైన పని. రెండేళ్లు ఆ తర్ఫీదు పొందిన పిల్లవాడు తర్వాత బహుళ సమాధాన ప్రశ్న ముందు కూర్చున్నప్పుడు, గుండ్రని గుర్తుల స్థానంలో చతురస్రపు గడులు కనబడినా, అతడి కన్ను పాత పద్ధతిలోనే మొదటి సరైన ఆప్షన్ దగ్గర ఆగుతుంది. గైడ్లు, మెటీరియళ్లు కూడా ఈ ప్రశ్నల చివర ‘ఎ, సి’ అని రెండు అక్షరాల కీ ఇచ్చి వదిలేస్తున్నాయి. (సి)ని వదిలేసిన విద్యార్థికీ, (డి)ని అదనంగా పెట్టిన విద్యార్థికీ ఆ కీ చెప్పేది ఒక్కటే, జవాబు తప్పని. తమ పొరపాటు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలియదు.

కాబట్టి నా విన్నపం ఇది. మీ చదువుల పేజీలో బహుళ సమాధాన ప్రశ్నలు ప్రచురించేటప్పుడు, సంఖ్య తగ్గినా సరే, ప్రతి ఆప్షన్‌కూ ఒక్క వాక్యం కారణం ఇవ్వండి: నిజమైనదానికి రుజువు, కానిదానికి అది చెల్లని సందర్భం. ప్రశ్న పైన అది ఏ పరీక్ష పద్ధతిలో ఇచ్చినదో, పాక్షిక మార్కులు, కోతలు ఉన్నాయో లేదో కూడా అచ్చు వేయండి. జూనియర్ కళాశాలల అధ్యాపకులు వారానికి ఒక్క ప్రశ్ననైనా జవాబు గుర్తించకుండా, నాలుగు ఆప్షన్లకూ కారణాలు మాత్రమే రాయించి దిద్దగలిగితే, ఏ విద్యార్థి రుజువు దగ్గర తడబడుతున్నాడో, ఎవరు చివరి ఆప్షన్ వరకు చదవడం లేదో వారికి ఆ కాగితం మీదే కనబడుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
తెనాలి