మినుము విత్తనం ఎంత చల్లాలి?

అందరికీ నమస్కారం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు మినుము చల్లబోయేవాళ్లు ముందు మొలక చూసుకోండి. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి నీడలో పెట్టండి, ఆరనివ్వొద్దు. ఏడో రోజు వేరు, మొలక రెండూ బాగున్నవే లెక్కించండి. ఉబ్బి ఊరుకున్నవి, కుళ్లినవి లెక్కలోకి రావు.

హెక్టారుకు 40 కిలోల మోతాదు అనుకుందాం. మూడెకరాలంటే 1.2 హెక్టార్లు, అంటే 48 కిలోలు. మీ గింజల్లో 60 మాత్రమే మొలిచాయనుకోండి. చాలామంది ఇక్కడ 48ని 100తో గుణించి 60తో భాగించి 80 కిలోలు చల్లేస్తారు. అది ఎక్కువే. సిఫార్సు మోతాదు మామూలు విత్తనానికి చెప్పింది, ధ్రువీకరణ మినుముకు కనీస మొలక 75 శాతం. కాబట్టి:

48 × 75 ÷ 60 = 60 కిలోలు

మొలక 75 దాటితే తగ్గించే పని పెట్టుకోకండి, 48 కిలోలే చల్లండి. పనల కింద, కాళ్ల కింద పోయేవి ఎలాగూ ఉంటాయి. 60 కంటే తక్కువ మొలిస్తే మాత్రం విత్తనం మార్చడమే నయం. ముసలి గింజ గోనెపట్టాలో మొలిచినా, చేలో లేవడానికి సత్తువ ఉండదు. దాన్ని ఈ లెక్క సరిచెయ్యలేదు.